మధ్యలో నిర్ణయ సామర్థ్యం తగ్గితే: సమ్మతి పత్రంలో ఆ ఒక్క వాక్యం ఎలా రాయాలి?

లూయీ బాడీ డిమెన్షియా ఉన్నవాళ్లతో ఆరు నెలల అధ్యయనం చేస్తున్నాం. నెలకోసారి కలిసి, ఒక ప్రశ్నావళి నింపి, రక్తం తీసుకుంటాం. వీళ్లలో స్పష్టత గంటగంటకీ మారుతుంది. ఉదయం పదింటికి అధ్యయనం గురించి చక్కగా తిరిగి చెప్పిన ఒకాయన, మధ్యాహ్నం మూడింటికి సూది చూసి "ఇదెందుకు?" అని చేయి వెనక్కి తీసుకున్నారు. అక్కడితో ఆపేశాం.

సమాచార పత్రాన్ని ఏడు పేజీల నుంచి రెండుకి తగ్గించాను, అక్షరాలు పెద్దవి చేశాను. ప్రతిసారీ కలిసినప్పుడు వాళ్ల మాటల్లోనే తిరిగి చెప్పించుకుంటున్నాం. ఆ రోజు చెప్పలేకపోతే ఇంకో రోజు వెళ్తున్నాం. ఇంతవరకు బాగానే ఉంది.

చిక్కంతా సమ్మతి పత్రంలోనే. "మధ్యలో నాకు నిర్ణయించుకునే శక్తి తగ్గినా కొనసాగించవచ్చు" అని ఒకే గడి పెట్టాను. చదివి చూసిన నలుగురిలో ముగ్గురు, అంటే ఇక మానుకోవడం కుదరదేమో అనుకున్నారు. "వద్దన్నా, చేయి వెనక్కి లాక్కున్నా ఆపేస్తాం" అని కింద చేర్చాను. అప్పుడు పై వాక్యానికి అర్థమేంటని అడిగారు, అది న్యాయమైన ప్రశ్నే. కుటుంబ సభ్యుల సంతకం ఒక్కటే పెట్టించడం నాకు సరిగా అనిపించడం లేదు, స్పష్టంగా ఉన్నప్పుడు ఆ మనిషి చెప్పిన మాటే ముందుండాలి.

ఇలాంటి పత్రం రాసినవాళ్లు చెప్పండి: ఇప్పటికే ఇచ్చిన సమాచారం ఉంచుకోవడానికి, ప్రశ్నావళికి, రక్తానికి విడివిడిగా మూడు గడులు పెడితే వాళ్లకు తేలిగ్గా అర్థమైందా, లేక ఇంకా గందరగోళమైందా?