పాత యూట్యూబ్ వీడియోకి టైటిల్ మార్చాక ఎన్నాళ్లు ఆగాలి?

మాది తిరుపతి. అలిపిరి మెట్ల దారి మీద రెండేళ్ల కిందటి వీడియో ఒకటుంది. "అలిపిరి వ్లాగ్" అనే టైటిల్ తీసేసి "అలిపిరి మెట్లు ఎక్కడానికి ఎంత టైం పడుతుంది?" అని పెట్టాను, థంబ్‌నెయిల్ ముట్టుకోలేదు.

అంతకుముందు 28 రోజుల్లో సీటీఆర్ 3.1 శాతం. మార్చాక ఐదు రోజులకే 5.3 వచ్చింది, కానీ అది 380 ఇంప్రెషన్ల మీదే. తర్వాత తొమ్మిది రోజులు హోమ్ పేజీలో కూడా చూపించారు, ఇంప్రెషన్లు 2,600 అయ్యాయి, సీటీఆర్ 2.8కి పడింది, వ్యూస్ మాత్రం పెరిగాయి! ఇంకో వీడియోకి ఇలాగే కంగారుపడి వారంలోపే పాత టైటిల్ పెట్టేశాను, ఏమీ తేలలేదు.

ఈసారి సెర్చ్ ఒక్కటే విడిగా చూశాను: 6.2 నుంచి 6.5, అదీ 14 రోజుల్లో 310 ఇంప్రెషన్లకే, అంటే ఓ ఇరవై క్లిక్కులు. పైగా సెలవులొస్తే కొండకొచ్చే జనంతో పాటు సెర్చ్ కూడా పెరుగుతుంది.

రోజుకి ఇరవై చిల్లర సెర్చ్ ఇంప్రెషన్లే వచ్చే ఇలాంటి వీడియోకి, ఎన్ని ఇంప్రెషన్లు వచ్చేదాకా ఆగి మీరు టైటిల్ ఉంచాలా తీసేయాలా అని తేల్చుకుంటారు?