ఫొటోలో నీలిపెదాలు, ఉబ్బిన వేలికొసలు: ఎంతవరకు నమ్మాలి?

కొత్తసభ్యుడు: మా బాబాయికి 58 ఏళ్లు, పాతికేళ్లుగా సిగరెట్లు తాగుతారు. మొన్నటి ఫొటోలో పెదాలు నీలంగా, వేలికొసలు ఉబ్బెత్తుగా కనిపించాయి. ఫొటో చూసి గుండె, ఊపిరితిత్తుల జబ్బు పసిగట్టొచ్చా?

నిజం_చెబుతా: ఇంకేం చూడాలండీ? పొగతో ఊపిరితిత్తులు పాడై ఆక్సిజన్ తగ్గింది. అందుకే పెదాలు నీలం, వేళ్లు ఉబ్బు. రెండూ ఒకటే కథ.

ఛాతీవార్డు: రెండింటినీ ఒకే గాటన కట్టకండి. ఫొటోలో రంగు కెమెరా చేతిలో ఉంటుంది. నీడలోనో, తెల్ల లైటు కిందో తీస్తే ఎవరి పెదాలైనా నీలిగా పడతాయి. చలికీ పెదాలు నీలిబారతాయి, కానీ నాలుక ఎర్రగానే ఉంటుంది. నాలుకా నీలమైతేనే రక్తంలో ఆక్సిజన్ తక్కువని అనుమానించాలి. రక్తం బాగా తక్కువున్న మనిషికి ఆక్సిజన్ పడిపోయినా నీలం కనిపించకపోవచ్చు.

వేలి ఆకారం అలా కాదు, లైటు మార్చినా మారదు. అయితే పైనుంచి తీసిన ఫొటో పనికిరాదు, పక్కనుంచి చూడాలి. రెండు చేతుల ఉంగరపు వేళ్ల గోళ్లను వీపు వీపు ఆనించినట్టు కలపండి. గోళ్ల మొదట్లో చిన్న వజ్రంలాంటి సందు కనబడాలి. ఆ సందు పూడిపోతే క్లబ్బింగ్, అంటే వేలికొసలు ఉబ్బడం, అని అనుమానించాలి. గుండె వైద్యుడు షామ్‌రాత్ తన గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు తన వేళ్లలోనే దీన్ని గమనించి 1976లో రాశారు.

ఇంకో మాట. సిగరెట్లతో వచ్చే మామూలు ఆయాసపు జబ్బు, అంటే సీఓపీడీ, ఒక్కటే ఉంటే వేళ్లు ఉబ్బవు. పొగతాగేవారికి కొత్తగా ఉబ్బితే 'సిగరెట్ల వల్లే' అని ఊరుకోకూడదు, ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందేమో వెతకాలి.

పాతగోళ్లు: నా వేళ్లు చిన్నప్పటి నుంచీ ఇలాగే ఉన్నాయి, మా నాన్నవీ అంతే. స్కానింగులు, ఎకో అన్నీ మామూలే. అనవసరంగా భయపెడుతున్నారు.

ఛాతీవార్డు: మీది వంశంలో వచ్చింది కావచ్చు. అందుకే పాత ఫొటోలు అడుగుతాం. ఎప్పట్నుంచి ఉబ్బాయన్నదే అసలు ప్రశ్న.

కొత్తసభ్యుడు: చూశాను. 2015 ఫొటోలో పక్కనుంచి గోరు మొదట్లో చిన్న పల్లం స్పష్టంగా ఉంది. ఇప్పుడు లేదు, గోళ్లు కలిపితే సందూ లేదు. నాలుక ఎర్రగానే ఉంది. ఆక్సీమీటర్‌లో 96.

నిజం_చెబుతా: 96 ఉంటే ఊపిరితిత్తులు బాగున్నట్టే కదా. నేను తొందరపడ్డాను.

ఛాతీవార్డు: ఇప్పుడూ తొందరే. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉన్నా 96 చూపించొచ్చు. ఈ వారమే ఛాతీ ఎక్స్‌రే తీయించండి. అందులో ఏమీ కనబడకపోయినా డాక్టరుకు వేళ్లు చూపించి సీటీ గురించి అడగండి, చిన్న గడ్డలు ఎక్స్‌రేకి చిక్కకపోవచ్చు. దగ్గులో రక్తం, బరువు తగ్గడం ఉన్నాయా?

కొత్తసభ్యుడు: ప్యాంట్లు వదులయ్యాయని పిన్ని అంటోంది. రేపే తీసుకెళ్తాను.

పాతగోళ్లు: అలా అయితే వెళ్లండి. కానీ ముక్కూమొహం తెలియనివాళ్ల ఫొటోలు చూసి జబ్బులు చెప్పడం నాకిప్పటికీ నచ్చదు.