గ్రూప్ చార్టులో మనకు బాకీ ఉన్నది ఏ పెట్టె?

చీమకుర్తి టిప్పర్:
చీమకుర్తిలో నాకు ఒక ప్రొక్లెయిన్, నాలుగు టిప్పర్లు ఉన్నాయి. ఒక గ్రానైట్ గ్రూప్ నుంచి 38 లక్షలు రావాలి. అడిగితే ఆ కంపెనీలో డబ్బు లేదంటున్నారు. అదే గ్రూప్‌కి రొయ్యల మేత ఫ్యాక్టరీ బ్రహ్మాండంగా నడుస్తోంది, కుటుంబానికి నెల్లూరులో బోలెడు ఆస్తులున్నాయి. వాళ్ళ వెబ్‌సైట్‌లో చార్టు కూడా ఉంది. పైన కుటుంబం, కింద అన్ని కంపెనీలూ గీతలతో కలిపి ఉన్నాయి. అందరూ ఒకటేనని వాళ్ళే గీసి చూపించాక నా డబ్బు గ్రూప్ ఇవ్వాలా, వద్దా?

పాత బ్యాంకాయన, ఒంగోలు:
ఇవ్వాలనే నేనంటాను. బ్యాంకులో పనిచేసినన్నాళ్ళూ మేం గ్రూప్‌ని గ్రూప్‌గానే చూశాం. ఒక్క కంపెనీకి ఇచ్చే అప్పు టైర్ 1 అనే బ్యాంకు ప్రధాన మూలధనంలో 20 శాతం, ఒకరి చేతిలో ఉన్న కంపెనీలన్నిటికీ కలిపి 25 శాతం దాటకూడదని రిజర్వు బ్యాంకు పరిమితి. రిజర్వు బ్యాంకే అందర్నీ ఒక గాట కట్టి లెక్కేస్తుంటే, గ్రూప్ అనేదే లేదని ఎవరైనా ఎలా అంటారు? పైగా మేం అప్పు ఇచ్చేటప్పుడు ప్రమోటర్ల సంతకం కూడా తీసుకునేవాళ్ళం.

కావలి చెరువులు:
సుప్రీంకోర్టు కూడా 2023లో గ్రూప్ కంపెనీలన్నీ ఒకటేనని చెప్పింది కదా అన్నా. కాక్స్ అండ్ కింగ్స్ కేసు, ఐదుగురు జడ్జీల తీర్పు. ధైర్యంగా అందరి మీదా వేసెయ్.

నెల్లూరు సీఎస్:
నేను కంపెనీ సెక్రటరీగా ఈ చార్టులు గీసిన మనిషిని, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు కావలి అన్నకు. ఆ తీర్పు ఆర్బిట్రేషన్ ఒప్పందం గురించి, అంటే తగవు వస్తే కోర్టుకు బదులు మధ్యవర్తి దగ్గర తేల్చుకుందామన్న ఒప్పందం. ఒప్పందం మీద సంతకం పెట్టని గ్రూప్ కంపెనీ కూడా బేరంలోనూ పనిలోనూ నిజంగా దిగి ఉంటే, దాన్ని ఆర్బిట్రేటర్ ముందుకు పిలవొచ్చని చెప్పింది. ఒక కంపెనీ బాకీని ఇంకో కంపెనీ కట్టాలని చెప్పలేదు. కంపెనీలు వేర్వేరు అన్న సూత్రాన్ని అలాగే ఉంచింది. అసలు మీ వర్క్ ఆర్డర్‌లో ఆర్బిట్రేషన్ క్లాజు లేకపోతే ఆ తీర్పుతో మనకు పనే లేదు.

బ్యాంకు సార్ చెప్పిన పరిమితులు నిజమే. కానీ అవి బ్యాంకు తన రిస్కు కొలుచుకోడానికి. ఒకటి పడితే మిగతావీ పడతాయేమోనని కలిపి లెక్కేస్తారు. అలా కలిపినంత మాత్రాన బ్యాంకుకైనా మేత ఫ్యాక్టరీ మీద హక్కు రాదు. అందుకే కదా సార్, మీరు విడిగా గ్యారంటీ సంతకం తీసుకున్నది? ఆ సంతకం బ్యాంకు కోసం పెట్టింది, టిప్పర్ల బిల్లుకు పనికిరాదు.

ఇక చార్టు. వెబ్‌సైట్‌లో పెట్టేది కస్టమర్లకు చూపించే బొమ్మ. అందులో ప్రతి పెట్టె పక్కన ఒకే ప్రశ్న రాయండి: దీనికి పాన్ ఉందా? గ్రూప్‌కి పాన్ ఉండదు, గ్రూప్ పేరుతో బిల్లు వేయలేరు, గ్రూప్ మీద దావా వేయలేరు. 'లాజిస్టిక్స్ డివిజన్', 'మైనింగ్ విభాగం' లాంటి పెట్టెలు తరచుగా కంపెనీలే కావు, ఏదో ఒక కంపెనీ లోపలి డిపార్ట్‌మెంట్లు.

మీ దగ్గర బిల్లులుంటాయి కదా, అందులో వాళ్ళ జీఎస్టీ నంబర్ చూడండి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, మనకు 37. తర్వాత పది అక్షరాలూ పాన్. మొత్తం నంబర్‌లో ఆరో అక్షరం చూస్తే అవతల ఉన్నది ఎవరో తెలుస్తుంది. `C` అయితే కంపెనీ, `F` అయితే భాగస్వామ్య సంస్థ లేదా భాగస్వాముల బాధ్యత పరిమితంగా ఉండే ఎల్‌ఎల్‌పి, `P` అయితే మనిషి, `H` అయితే హిందూ ఉమ్మడి కుటుంబం. ఎవరి పేరున ఎంత బిల్లు ఉందో విడదీసి చెప్పండి, తర్వాత మాట్లాడదాం.

వేదాయపాళెం నుంచి:
మేడం, నాదీ ఇలాంటిదే. నేను ఒక గ్రూప్‌లో మూడేళ్ళు ఒక కంపెనీ జీతం మీద, తర్వాత రెండున్నరేళ్ళు ఇంకో కంపెనీ జీతం మీద చేశాను. సీటు మారలేదు, మేనేజర్ మారలేదు, పేస్లిప్ మీద పేరు మాత్రం మారింది. ఇప్పుడు మానేస్తే ఐదేళ్ళు నిండలేదు, గ్రాట్యుటీ రాదంటున్నారు. జీతం ఇచ్చేటప్పుడు మేమంతా ఒక కుటుంబం అన్నారు.

నెల్లూరు సీఎస్:
అమ్మా, మీది వేరే చట్టం, కానీ చూడాల్సింది మాత్రం అదే కాగితం. మొదటి కంపెనీలో రాజీనామా రాయించుకున్నారా, లేక పాత సర్వీసు కొనసాగుతుందని ట్రాన్స్‌ఫర్ లెటర్ ఇచ్చారా? రెండోదైతే మీ వాదన గట్టిది. రాజీనామా అయితే కష్టం, ఓడిపోతారని మాత్రం అనను. ఆ లెటర్ చూడకుండా ఇంతకంటే చెప్పలేను.

చీమకుర్తి టిప్పర్:
మేడం, చూశాను. బిల్లులు రెండు పేర్ల మీద ఉన్నాయి. 22 లక్షలు ఎక్స్‌పోర్ట్స్ ప్రైవేట్ లిమిటెడ్ పేరున, ఆరో అక్షరం `C`. మిగతా 16 లక్షల బిల్లుల్లో `F`. క్వారీ గుమాస్తా మధ్యలో ఈ పేరున వెయ్యమంటే వేశాను. పేరు చివర ఎల్‌ఎల్‌పి అని లేదు, 'మైన్స్' అని మాత్రమే ఉంది. చార్టులో ఈ మైన్స్‌ని చుక్కల గీతతో ఒక మూల వేశారు.

గీతల మీద అంకెలు కూడా ఉన్నాయి. కుటుంబానికి హోల్డింగ్స్ కంపెనీలో 60 శాతం, హోల్డింగ్స్‌కి ఎక్స్‌పోర్ట్స్‌లో 74, మేత కంపెనీలో 51.

పాత బ్యాంకాయన, ఒంగోలు:
అరవైలో డెబ్బై నాలుగు శాతమంటే 44.4. అంటే ఎక్స్‌పోర్ట్స్‌లో కుటుంబానికి సగం కూడా లేదు. అలాంటప్పుడు అది వాళ్ళ కంపెనీ అని కూడా అనలేం కదా?

నెల్లూరు సీఎస్:
సార్, గుణించి తెచ్చిన 44.4 లాభంలో వాటా. పైసా డివిడెండ్ పైకి వస్తే అందులో కుటుంబానికి చేరేది అంత. పెత్తనానికి గుణకారం ఉండదు, మెట్టు మెట్టుకీ సగం దాటిందా లేదా అన్నదే చూడాలి. 60తో హోల్డింగ్స్ బోర్డును కుటుంబం వేస్తుంది. ఆ బోర్డు తన 74తో ఎక్స్‌పోర్ట్స్ బోర్డును వేస్తుంది. మేత కంపెనీలో గుణిస్తే 30.6 శాతమే వస్తుంది, అయినా 51 ఉంది కాబట్టి అక్కడా మామూలుగా వాళ్ళ మాటే చెల్లుతుంది. విడిగా వాటాదారుల ఒప్పందంలో అవతలివాళ్ళకు ఏదైనా వీటో ఇచ్చి ఉంటే తప్ప. అలాంటి ఒప్పందాలు చార్టులో కనపడవు.

టిప్పర్ అన్నా, ఇక్కడే మన బాధంతా. పెత్తనం పైనుంచి కిందికి పూర్తిగా దిగుతుంది, అప్పు మాత్రం కిందినుంచి పైకి ఎక్కదు. ఎక్స్‌పోర్ట్స్ మునిగితే హోల్డింగ్స్ పెట్టిన షేరు డబ్బు పోతుంది, అంతకు మించి ఏమీ పోదు. మేత కంపెనీ అయితే పక్క కొమ్మ, దానికి అసలు సంబంధమే లేదు. మోసం చేయడానికే కంపెనీని ముసుగుగా వాడారని రుజువైతే కోర్టులు ఆ ముసుగు తీస్తాయి. కానీ డబ్బు లేకపోవడం ఒక్కటే మోసం కాదు. మీ బిల్లులు పెండింగులో ఉండగా ఎక్స్‌పోర్ట్స్ నుంచి డబ్బు ఇంకో గ్రూప్ కంపెనీకి అప్పుగా వెళ్ళిందేమో బ్యాలెన్స్ షీట్‌లో చూడండి. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వారి ఎంసీఏ పోర్టల్‌లో కంపెనీకి 100 రూపాయలు కడితే దాఖలు చేసిన కాగితాలు తెరుచుకుంటాయి. ఆస్తుల మీద బ్యాంకు ఛార్జీ, అంటే తాకట్టు హక్కు, ఎంతుందో ఉచితంగానే కనిపిస్తుంది. ఆస్తి తాకట్టు లేకుండా ఇచ్చిన గ్యారంటీలు మాత్రం ఛార్జీల జాబితాలో ఉండవు, బ్యాలెన్స్ షీట్ నోట్సులో వెతకాలి.

మీకు అసలు బలం ఆ చుక్కల గీత మైన్స్‌లో ఉంది. `F` ఉండి ఎల్‌ఎల్‌పి కాకపోతే అది మామూలు భాగస్వామ్య సంస్థ అయ్యుండాలి. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, తాను భాగస్వామిగా ఉన్నప్పుడు సంస్థ చేసిన బాకీకి ప్రతి భాగస్వామీ సొంతంగా కూడా బాధ్యుడే. అంటే ఆ 16 లక్షలకు మాత్రం గీత నేరుగా మనుషుల దాకా, వాళ్ళ నెల్లూరు ఆస్తుల దాకా వెళ్తుంది. చార్టులో దాన్ని మూలకు ఎందుకు నెట్టారో మరి. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నకలు తీసుకుంటే భాగస్వాముల పేర్లు వస్తాయి.

కావలి చెరువులు:
అయితే ఎక్స్‌పోర్ట్స్ బాకీకి దివాలా కేసు వేస్తామని నోటీసిస్తే దిగిరారా?

నెల్లూరు సీఎస్:
2020 మార్చి నుంచి దానికి కనీస బాకీ కోటి రూపాయలు. 22 లక్షలతో కుదరదు, సివిల్ దావానే. టిప్పర్ అన్నకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే చిన్న పరిశ్రమల కౌన్సిల్ దారి కూడా ఉంది.

ముత్తుకూరు:
ఇక్కడ మాకు తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్తాను. కృష్ణపట్నం పోర్టు కంపెనీలో 75 శాతం 2020లో అదానీ పోర్ట్స్ చేతికి వెళ్ళింది, మిగతా 25 శాతం 2021లో. ప్రమోటర్ మారాడు, గ్రూప్ మారింది, పేరు కూడా మారింది. కానీ కంపెనీ అదే. షేర్లు చేతులు మారినంత మాత్రాన పాత కంపెనీ కాంట్రాక్టులు ఎగిరిపోవు. మీరు ఇప్పుడు పాత కుటుంబాన్నే పట్టుకుని కూర్చుంటే, రేపు వాళ్ళు ఎక్స్‌పోర్ట్స్‌ని అమ్మేశాక ఎవర్ని అడుగుతారు?

నెల్లూరు సీఎస్:
బాగా చెప్పారు. అందుకే టిప్పర్ అన్నా, ఈ వారంలోనే బాకీ ఒప్పుకోలు రాయించుకోండి. బిల్లు బాకీకి గడువు మూడేళ్ళు, అది దాటకముందే సంతకంతో ఒప్పుకుంటే అక్కడినుంచి మళ్ళీ మూడేళ్ళు. కానీ గ్రూప్ లెటర్‌హెడ్ మీద 'మా గ్రూప్ మీకు 38 లక్షలు ఇవ్వాలి' అని రాసిస్తే తీసుకోకండి. రెండు కాగితాలు కావాలి. ఒకటి ఎక్స్‌పోర్ట్స్ పూర్తి పేరు, సిన్ అనే కంపెనీ గుర్తింపు నంబర్ ఉన్న లెటర్‌హెడ్ మీద 22 లక్షలకు. రెండోది మైన్స్ తరఫున భాగస్వామి సంతకంతో 16 లక్షలకు.

పాత బ్యాంకాయన, ఒంగోలు:
కాగితాల సంగతి ఒప్పుకుంటాను. అయినా ఊళ్ళో ఆ కుటుంబం పేరు చూసే కదమ్మా డీజిల్ పోసి బండి పంపింది. పేరు చూపించి పని చేయించుకుని, డబ్బు దగ్గరకొచ్చేసరికి పెట్టె చూపించడం న్యాయం కాదు. చట్టం ఇలా ఉండకూడదనే నా మాట.

చీమకుర్తి టిప్పర్:
మేడం, నకలు తెచ్చాను. మైన్స్‌లో భాగస్వాములు తండ్రి, ఇద్దరు కొడుకులు. కానీ తండ్రి పోయినేడే తప్పుకున్నట్టు రాసుంది. నా బిల్లుల్లో సగం ఆ తేదీకి ముందువి, సగం తర్వాతవి. ఆస్తులన్నీ తండ్రి పేరునే ఉన్నాయి.

నెల్లూరు సీఎస్:
ముందు బిల్లులకు ఆయన బాధ్యత పోదు. తర్వాతవాటికి, ఆయన తప్పుకున్నట్టు బహిరంగ ప్రకటన ఇచ్చారా అన్నది చూడాలి. రిజిస్ట్రార్‌కి తెలపడం ఒక్కటే చాలదు, గెజిట్‌లో, జిల్లాలో చదివే ఒక తెలుగు పత్రికలో కూడా రావాలి. రాకపోతే, ఆయన భాగస్వామి అని తెలిసే మీరు పని చేసి ఉంటే తర్వాతి బిల్లులకూ అడగొచ్చు. ఒంగోలులో లాయర్‌తో ఆ ప్రకటన వెతికించండి. దొరికితే తేదీ ఇక్కడ పెట్టండి.