5 లక్షల ఇన్సూరెన్స్ ఉన్నా బ్యాంకు ముందు క్యూ ఎందుకు?

కోరమంగళ కుర్రాడు:
బ్యాంకు మీద జనం ఎగబడటాన్ని గేమ్ థియరీలో కోఆర్డినేషన్ ఆటగా చెబుతారు. అందరూ ఆగితే అందరికీ లాభం, అందరూ పరిగెత్తితే అందరికీ నష్టం. రెండూ ఈక్విలిబ్రియాలే, అంటే మిగతావాళ్లు అలాగే ఉంటే ఒక్కడు దారి మార్చుకున్నా లాభం లేని స్థితులు. బ్యాంకు మునిగినా డిపాజిటర్‌కు 5 లక్షల దాకా ఇచ్చే డిపాజిట్ ఇన్సూరెన్స్ వచ్చాక ఆ రెండోది పోవాలి కదా? మరి మన బెంగళూరులో క్యూలు ఎందుకు చూశాం?

హనుమంతనగర్:
పోవాలేమిటి, పోయింది. మన దేశంలో నూటికి 98 ఖాతాలు 5 లక్షల లోపే, అంటే పూర్తిగా కవర్. అయినా జనం వస్తున్నారంటే అది వాట్సాప్ పుకార్ల పని. ప్రతి బ్రాంచిలో గోడ మీద ఈ ముక్క పెద్దక్షరాలతో రాసిపెడితే ఎవరూ రారు.

పద్దుల పుస్తకం:
98 శాతం మాట నిజమే, కానీ ఖాళీ అయ్యేది డబ్బు, ఖాతాలు కాదు. 2024 మార్చి లెక్కల్లో ఖాతాల సంఖ్య చూస్తే 98 శాతం దాకా కవర్‌లో ఉన్నాయి, మొత్తం సొమ్ము చూస్తే 43 శాతమే. తేడా ఎందుకు ముఖ్యమో ఒక చిన్న బ్యాంకు కట్టి చూద్దాం.

వంద మంది, తలా లక్ష వేశారు. బ్యాంకు 20 లక్షలు నగదుగా ఉంచుకుని 80 లక్షలు అప్పులిచ్చింది. ఏడాది ఆగితే అప్పులు 10 శాతం వడ్డీతో 88 లక్షలై వస్తాయి. ఇవాళే తెగనమ్మితే రూపాయికి అర్ధరూపాయే. మధ్యలో వచ్చి అడిగినవాడికి వేసిన లక్ష ఇస్తారు, ఆగినవాళ్లు చివర్లో మిగిలింది పంచుకుంటారు. ఎవరూ రాకపోతే తలా లక్షా 8 వేలు.

20 మంది వచ్చినా నగదుతో సరిపోతుంది. 21వ మనిషి దగ్గర్నుంచి ఒక్కొక్కరికి లక్ష ఇవ్వడానికి 2 లక్షల అప్పు అమ్మాలి. 26 మంది తీసుకున్నాక 68 లక్షల అప్పులు మిగులుతాయి, ఏడాదికి 74.8 లక్షలవుతాయి. ఆగిన 74 మందికి తలా లక్షా వెయ్యి చిల్లర. ఇంతవరకూ ఆగడమే మేలు. 27వ మనిషి కూడా వెళ్తే 66 లక్షల అప్పులు, 72.6 లక్షలు, 73 మంది. తలా 99,450 చొప్పున వస్తుంది. ఇప్పుడు ముందు వెళ్లినవాడే తెలివైనవాడు. 60వ మనిషికి ఇచ్చేసరికి బ్యాంకులో పైసా ఉండదు, మిగతా 40 మందికి సున్నా.

కాబట్టి ప్రతి డిపాజిటరూ వేసుకునే ప్రశ్న "బ్యాంకు మంచిదా" అని కాదు, "మిగతావాళ్లు 26 దాటుతారా" అని. ఈ బ్యాంకు నిజానికి నష్టంలో లేదు, గుర్తుపెట్టుకోండి. 1983లో ఆర్థికవేత్తలు డైమండ్, డిబ్విగ్ ఇద్దరూ చూపించిన అసలు సంగతి ఇదే.

ఇక ఇన్సూరెన్స్. ఈ వందలో 75 లక్షలు పూర్తి కవర్ కింద ఉంటే, కవర్ లేని 25 లక్షలూ ఒకే రోజు వెళ్లిపోయినా ఆ 26 అనే గీత దాటదు. అప్పుడు కవర్ లేనివాడికి కూడా పరిగెత్తాల్సిన పని లేదు, చెడ్డ ఈక్విలిబ్రియం మాయమైపోయింది. కవర్ లేనిది 40 లక్షలైతే ఆ 40 మంది మధ్య పాత ఆటే నడుస్తుంది. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు సంగతి అంతే. అక్కడ డిపాజిట్లలో 90 శాతానికి పైగా కవర్ లేనివి, ఒక్క రోజులో 42 బిలియన్ డాలర్లు బయటకు పోయాయి.

జయనగర్ అమ్మ:
మీ ఆట నాకు పూర్తిగా అర్థం కాలేదు బాబూ. ఒకే బ్యాంకులో జయనగర్ బ్రాంచిలో 5 లక్షలు, మల్లేశ్వరం బ్రాంచిలో 5 లక్షలు ఎఫ్‌డీ వేశాను. రెండు బ్రాంచిలు కాబట్టి పదీ భద్రమే కదా?

పద్దుల పుస్తకం:
కాదమ్మా. ఒకే బ్యాంకు బ్రాంచిలన్నీ కలిపి ఒకటే లెక్క. మీ ఒక్కరి పేరు మీద ఎన్ని ఉన్నా అసలూ వడ్డీ కలిపి 5 లక్షలే. 4,80,000 వేస్తే 35,000 వడ్డీ చేరాక 15,000 కవర్ బయట పడుతుంది. మీవారితో కలిసి జాయింటుగా వేస్తే దానికి విడిగా 5 లక్షలు. వేరే బ్యాంకులో వేస్తే అక్కడా విడిగానే. సౌహార్ద సహకార సంఘాల్లో వేసినదానికి మాత్రం ఈ ఇన్సూరెన్స్ ఏమీ లేదు, అవి బ్యాంకులు కావు.

బసవనగుడి వాసి:
పద్దులవారూ, మీ లెక్క బాగుంది కానీ మా పేటకు సరిపోదు. శ్రీ గురు రాఘవేంద్ర సహకార బ్యాంకు మీద 2020 జనవరిలో ఆర్బీఐ ఆంక్షలు పెట్టి, ఒక్కొక్కరు 35,000 మించి తీయకూడదంది. అక్కడ అప్పులే చెడిపోయాయి. అందరూ ఓపిగ్గా ఆగినా డబ్బు తిరిగి వచ్చేది కాదు. దాన్ని కోఆర్డినేషన్ ఆట అంటే తప్పంతా భయపడిన డిపాజిటర్ల మీదికి నెట్టినట్టవుతుంది.

ఇంకో మాట. అప్పటికి కవర్ లక్షే, 5 లక్షలయింది 2020 ఫిబ్రవరి 4న. అదైనా అప్పట్లో ఎప్పుడిచ్చేవారు? బ్యాంకు లిక్విడేషన్‌కు వెళ్తేనో, వేరే బ్యాంకులో కలిస్తేనో. ఆంక్షల్లో ఉన్నన్నాళ్లూ ఇన్సూరెన్స్ కాగితం మీదే ఉండేది. కొడుకు కాలేజీ ఫీజు జూన్‌లో కట్టాల్సినవాడికి "మీ 5 లక్షలు భద్రం, ఎప్పుడో ఇస్తాం" అంటే అతను క్యూలో నిలబడడా?

పద్దుల పుస్తకం:
రెండు మాటలూ ఒప్పుకుంటున్నాను. అప్పులు కుళ్లిన బ్యాంకులో 26 అనే గీతే ఉండదు, మొదటి మనిషి నుంచే పరుగు సరైనది. ఇన్సూరెన్స్ అక్కడ చేసేది నష్టాన్ని డిపాజిటర్ మీద నుంచి తీసి ఇన్సూరెన్స్ ఫండ్ మీద పెట్టడం, అంతే.

ఆలస్యం సంగతి ఇంకా ముఖ్యం. ఆగితే చివరికి లక్షా వస్తుందన్నా, రెండేళ్ల తర్వాతైతే అది లక్ష కాదు. అందుకే 2021లో చట్టం మార్చారు. ఆంక్షలు పెట్టిన 90 రోజుల్లో 5 లక్షల దాకా ఇవ్వాలి. నా దృష్టిలో పరిమితిని లక్ష నుంచి 5 లక్షలు చేయడం కన్నా ఈ 90 రోజుల నియమమే ఆటను ఎక్కువ మార్చింది. కానీ మూడు నెలలు కూడా కొందరికి ఎక్కువే.

"కొంచెం" కోత ఉన్నా కవర్ పనిచేయదని 2007 సెప్టెంబరులో బ్రిటన్ నేర్చుకుంది. అక్కడ మొదటి 2,000 పౌండ్లకే నూటికి నూరు, ఆపై 33,000 పౌండ్లకు 90 శాతం. 35,000 పౌండ్లు ఉన్నవాడికి 3,300 పోయే ప్రమాదం ఒక పక్క, ఒక పూట క్యూ ఇంకో పక్క. నార్తర్న్ రాక్ బ్యాంకు బ్రాంచిల ముందు జనం నిలబడటంలో వింతేముంది?

హనుమంతనగర్:
అయితే నా మాట సవరించుకుంటాను, గోడ మీద రాత చాలదు. పరిమితే తీసేస్తే? సొమ్మంతా కవర్ చేస్తే గీత దాటే ప్రశ్నే రాదు.

బసవనగుడి వాసి:
రాదు, కానీ అప్పుడు బ్యాంకును ఎవరు గమనిస్తారు? పెద్ద బ్యాంకుల కన్నా ఎక్కువ వడ్డీ ఇస్తామనే చిన్న బ్యాంకులోకి డబ్బంతా కళ్లు మూసుకుని పోతుంది. 2020 ఏప్రిల్లో బ్యాంకులు కట్టే ఇన్సూరెన్స్ ప్రీమియం వంద రూపాయల డిపాజిట్‌కు 10 పైసల నుంచి 12 చేసినప్పుడు కూడా మంచి బ్యాంకుకూ చెడ్డ బ్యాంకుకూ ఒకటే రేటు పెట్టారు. జాగ్రత్తగా నడిచే బ్యాంకే దొంగ అప్పులకు చందా కట్టినట్టు.

పద్దుల పుస్తకం:
ఇక్కడ మీతో సగమే ఏకీభవిస్తాను. 6 లక్షలు వేసిన రిటైరైన టీచరు అప్పుల పుస్తకం చూసి కనిపెడతారని ఆశించడం అన్యాయం. ఆడిటర్లకే దొరకనివి ఆవిడకు దొరుకుతాయా? కాపలా కాయాల్సింది కోట్లు వేసేవాళ్లు. కానీ గీత దాటించేది కూడా వాళ్లే. ఈ చిక్కుకు నా దగ్గర సమాధానం లేదు.

కోరమంగళ కుర్రాడు:
మన బ్యాంకు గీతకు ఎంత దగ్గరలో ఉందో బయటివాడికి తెలిసే దారి ఉందా?

పద్దుల పుస్తకం:
పూర్తిగా లేదు. కానీ వార్షిక నివేదిక చివర నోట్స్‌లో 20 మంది అతిపెద్ద డిపాజిటర్ల వాటా ఎంత శాతమో ఇస్తారు. అక్కడ మొదలుపెట్టండి. ఆ శాతం పెద్దదై, చేతిలో నగదు, ప్రభుత్వ బాండ్లు తక్కువగా ఉంటే, మీ బ్యాంకు గతి ఆ 20 మంది ఒకరినొకరు చూసుకుంటూ తీసుకునే నిర్ణయం మీద ఉన్నట్టే.