మినిట్స్‌లో ‘అంగీకరించారు’ అని రాస్తే ‘తీర్మానించారు’ అయినట్టేనా?

శారద: అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో నలభై ఫ్లాట్లు. ఏడాదిగా సంఘం కార్యదర్శిగా మినిట్స్ తెలుగులో రాస్తున్నాను. పోయిన నెల కమిటీ సమావేశంలో లిఫ్టు మార్చే విషయం మాట్లాడుకున్నాం. వచ్చిన మూడు కొటేషన్లలో ఒకటి అందరికీ నచ్చింది. నేను ఇలా రాశాను: ‘లిఫ్టు మార్పు గురించి చర్చించి, రూ. 4,80,000 కొటేషన్‌కు సభ్యులు అంగీకరించారు.’ కోశాధికారి గారు అది చూసి లక్షన్నర అడ్వాన్సు చెక్కు ఇచ్చేశారు. మా బైలా ప్రకారం లక్ష దాటిన ఖర్చు సర్వసభ్య సమావేశంలో పెట్టాలి. ఇప్పుడు ఫ్లాట్ల వాళ్ళు ‘దీన్ని ఆమోదించింది ఎవరు?’ అని నిలదీస్తున్నారు. నేను రాసింది అబద్ధం కాదు, ఆ రోజు నిజంగానే అందరూ సరే అన్నారు. మరి తప్పు ఏ మాటలో ఉంది? ఇంగ్లీషు మినిట్స్‌లో నోటెడ్, అగ్రీడ్, రిజాల్వ్‌డ్, రికమెండెడ్, అప్రూవ్‌డ్ అని విడివిడిగా రాస్తారు కదా, తెలుగులో ఆ తేడాలు ఎలా చూపాలి?

వెంకటరమణ: అమ్మా, నేను పంచాయతీ ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేశాను. అన్నిటికీ చివర ‘తీర్మానించడమైనది’ అని రాసేవాళ్ళం. అదే గట్టి మాట. మీరూ అలా రాసి ఉంటే ఈ గొడవ వచ్చేది కాదు.

కామేశ్వరరావు: రమణ గారూ, తీర్మానం గట్టి మాటే, కానీ ఇక్కడ అది రాసి ఉంటే గొడవ ఇంకా పెద్దదయ్యేది. కమిటీకి లేని అధికారాన్ని కమిటీ వాడినట్టు శారద గారు స్వయంగా రాసిచ్చినట్టయ్యేది. నేను కంపెనీ సెక్రటరీని. క్రియ రాసేముందు నేను చూసుకునేది ఒక్కటే, ఈ విషయంలో ఆఖరి మాట ఈ గదిలో ఉన్నవాళ్ళదేనా, ఇంకొకరిదా? ఇంకొకరిదైతే ఇక్కడ రాయాల్సింది ‘సిఫారసు’. శారద గారి వాక్యం ఇలా ఉండాల్సింది: ‘మూడు కొటేషన్లను పరిశీలించి, రూ. 4,80,000 కొటేషన్‌ను సర్వసభ్య సమావేశం ఆమోదానికి కమిటీ సిఫారసు చేసింది.’ ఇది చదివి ఏ కోశాధికారీ చెక్కు రాయడు. తరవాత ఎక్కడికి వెళ్ళాలో వాక్యమే చెబుతోంది.

శారద: కానీ సార్, సిఫారసు అంటే మరీ తేలిగ్గా వినబడదా? మేం మూడు గంటలు కూర్చుని తేల్చిన విషయం అది.

కామేశ్వరరావు: తేలికేం కాదమ్మా. కంపెనీల్లో తుది డివిడెండును బోర్డు సిఫారసు మాత్రమే చేస్తుంది, ప్రకటించేది వార్షిక సభలో వాటాదారులు. అయితే బోర్డు చెప్పిన మొత్తాన్ని మించి వాళ్ళు ప్రకటించలేరు, తగ్గించగలరు అంతే. అంటే సిఫారసు చేసినవాళ్ళు గీసిన గీత దాటడానికి ఆఖరి మాట ఉన్నవాళ్ళకీ వీల్లేదు. అందరి విషయంలో ఇలాగే ఉంటుందని కాదు, ఏ సిఫారసుకు ఎంత బలమో దాని వెనకున్న చట్టమో బైలానో చెబుతుంది.

సుబ్బలక్ష్మి: మా డ్వాక్రా సంఘంలో ఆ పుస్తకం పేరే తీర్మానాల పుస్తకం. లోను కావాలంటే మా పదిమందీ తీర్మానం రాసి సంతకాలు పెడతాం. ఒకసారి మా లీడరు ‘లోను విషయం మాట్లాడుకున్నాం, అందరూ ఒప్పుకున్నారు’ అని రాస్తే బ్యాంకు వాళ్ళు వెనక్కి పంపేశారు. ఎంత లోను, సంతకం ఎవరు పెడతారు, ఏమీ లేదని. మళ్ళీ అందరం కూర్చుని రాయాల్సి వచ్చింది. మాకు ఒక వారం పోయింది, అప్పటికి విత్తనాలకు డబ్బు కావాలి.

కామేశ్వరరావు: సుబ్బలక్ష్మి గారూ, మీ అనుభవంలోనే అసలు తేడా ఉంది. తీర్మానాన్ని పుస్తకం లోంచి విడదీసి నకలు తీసి బయటివాళ్ళకు ఇస్తాం. ఆ పేజీ ఒక్కటే చదివినవాళ్ళకు ఏ సభ, ఏ తేదీ, ఏం నిర్ణయించింది, ఎంత వరకు, ఎవరికి అధికారం ఇచ్చింది అన్నీ తెలియాలి. ‘ఒప్పుకున్నారు’ అనేది ఆ రోజు గదిలో ఉన్నవాళ్ళకు సరిపోతుంది. వచ్చే సమావేశంలోగా ఎవరు ఏ పని చూడాలో రాసుకోవడానికి అది చక్కని మాట, ‘కొటేషన్లు తెచ్చే పని ఫలానా వారు చేస్తామని అంగీకరించారు’ అన్నట్టు. డబ్బు కదిలే చోట, సంతకం మారే చోట పనికిరాదు.

ఇంకో సంగతి. కంపెనీ సెక్రటరీల సంస్థ బోర్డు సమావేశాలకు పెట్టిన ప్రమాణంలో మినిట్స్ భూతకాలంలో, తీర్మానం మాత్రం వర్తమానంలో రాయాలని ఉంది. చర్చ అయిపోయింది, తీర్మానం ఇంకా నిలిచే ఉంది అని దాని భావమని నేను అనుకుంటాను.

భాస్కర్: భాష గ్రూపు కాబట్టి మాటల సంగతి ఒకటి. ‘ఆమోదం’ అంటే సంస్కృతంలో సంతోషం, సువాసన. పాత పద్యాల్లో పూల వాసననూ ఆమోదం అన్నారు. ‘సిఫారసు’ పారసీ నుంచి వచ్చింది. ‘తీర్మానం’ కూడా చివర మానం ఉంది కాబట్టి సంస్కృతమే అనుకుంటాను.

కామేశ్వరరావు: తీర్మానంలో ఉన్నది మన ‘తీరు’ భాస్కర్ గారూ. పని తీరింది, బాకీ తీరింది అంటామే, ఆ తీరడం. తమిళంలోనూ తీర్మానమే. ఇక ఆమోదం ఎప్పుడూ ఇంకొకరు తయారుచేసి ముందు పెట్టినదానికే: బడ్జెట్టు, లెక్కలు, కమిటీ సిఫారసు. ఏమీ ముందు పెట్టకుండా సభ తానే కొత్తగా నిర్ణయిస్తే అది తీర్మానించడం. ఆమోదాన్ని కూడా తీర్మానం రూపంలోనే రాస్తారు కాబట్టి రెండూ కలిసిపోయినట్టు కనిపిస్తాయి.

వెంకటరమణ: ఇది నిజమే. మా దగ్గరా ‘ఆమోదిస్తూ తీర్మానించడమైనది’ అనే రాసేవాళ్ళం. కానీ నోటెడ్‌కు ఏం రాస్తారు? గమనించారు అంటే ఊరికే చూసినట్టుంది. మేం ‘నమోదు చేసుకోవడమైనది’ అనేవాళ్ళం.

కామేశ్వరరావు: నమోదు అంటే రికార్డులోకి ఎక్కించడం, గమనించడం అంటే సభకు తెలియడం. నాకు రెండోదే సరి అనిపిస్తుంది. ఎందుకంటే అది నిర్ణయం కాకపోయినా బాధ్యత తెస్తుంది. ‘వాటర్ ట్యాంకు స్లాబు పగిలిందన్న ఇంజినీరు నివేదికను కమిటీ గమనించింది’ అని మార్చిలో రాసి ఊరుకుంటే, జులైలో స్లాబు కూలినప్పుడు మాకు తెలియదనడానికి వీలుండదు. నేనైతే ఆ వాక్యం పక్కనే తరవాత ఏం చేయాలో కూడా రాయమంటాను.

వెంకటరమణ: నాకు మాత్రం నమోదే బాగుంది. గమనించడంలో ఒప్పుకున్నారేమో అన్న ఛాయ కూడా ఉంది.

సుబ్బలక్ష్మి: మా పుస్తకంలో రాని వాళ్ళ పేర్లు కూడా గమనించామని రాస్తాం, అదీ ఇలాంటిదేనా?

భాస్కర్: అది హాజరు పట్టీ సంగతి అక్కా, వేరు.

శారద: సరే, ఇప్పుడు నేనేం చేయాలి? పాత వాక్యంలో ‘అంగీకరించారు’ కొట్టేసి ‘సిఫారసు చేశారు’ అని దిద్దనా? అధ్యక్షులు ఇంకా సంతకం పెట్టలేదు.

కామేశ్వరరావు: వద్దమ్మా. సంతకం పడకపోయినా దాన్ని చూసి చెక్కు వెళ్ళిపోయింది. ఇప్పుడు దిద్దితే మాట సర్దినట్టు కాదు, జరిగింది దాచినట్టు అవుతుంది. సర్వసభ్య సమావేశం పెట్టి, అడ్వాన్సు ఏ తేదీన ఎంత ఇచ్చారో చెప్పి, సభకు ఇష్టమైతే దాని చేత అనంతర ఆమోదం తీసుకోండి. ‘కమిటీ ఇచ్చిన రూ. 1,50,000 అడ్వాన్సును సభ అనంతరం ఆమోదించి, మిగిలిన రూ. 3,30,000 చెల్లించడానికి కోశాధికారికి అధికారం ఇస్తూ తీర్మానించింది’ అని. సభ కాదంటే కాదన్నట్టే రాయాలి.

వెంకటరమణ: అనంతర ఆమోదం అనకండి, ‘ధ్రువీకరించింది’ అనండి.

భాస్కర్: ధ్రువీకరించడం అంటే నిజమేనని చెప్పడం కదా రమణ గారూ. అడ్వాన్సు ఇచ్చిన మాట నిజమేనని అందరికీ తెలుసు. అడుగుతున్నది అది సరైనదేనా అని.

శారద: 22న సమావేశం పెడుతున్నాను. నోటీసులో అడ్వాన్సు సంగతి విడిగా ఒక అంశంగా రాశాను. సభ ఏమన్నదీ వచ్చి చెబుతాను.