కరెంటు పోయి వచ్చాక ఎక్స్‌టెండర్ రౌటర్‌ని పట్టుకోవడం లేదు

రవళి
రౌటర్ కింద హాల్లో ఉంది, వైఫై ఎక్స్‌టెండర్ పై అంతస్తులో. మామూలు రోజుల్లో బాగానే పనిచేస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడే సమస్య. ఒక్కోసారి దానంతట అదే కలుస్తుంది, ఒక్కోసారి సిగ్నల్ లైటు ఎర్రగా ఉండిపోతుంది. అప్పుడు ఫోన్‌లో ఎక్స్‌టెండర్ పేరు కనిపిస్తుంది, కనెక్ట్ కూడా అవుతుంది, కానీ ఇంటర్నెట్ లేదంటుంది. కిందకి వెళ్లి రౌటర్‌కి కనెక్ట్ అయితే అంతా మామూలే. పైన కూర్చుని పనిచేసేది నేనే కాబట్టి ప్రతిసారీ టెన్షన్. శాశ్వతంగా పరిష్కారం ఏమైనా ఉందా?

భాస్కర్
పిన్నుతో రీసెట్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరాక మళ్లీ మొదటి నుంచి సెటప్ చేయండి. నేను ఎప్పుడూ ఇదే చేస్తాను, ప్రతిసారీ పనిచేస్తుంది.

నిర్మల
మా ఇంట్లోనూ ఇదే గొడవ. రౌటర్ దగ్గర వచ్చే స్పీడులో సగం కూడా పైగదిలో రాదు. కొత్త ఎక్స్‌టెండర్ కొనమంటారా?

ప్రసాద్
నిర్మల గారూ, మీది వేరే విషయం. మీకు లింక్ ఉంది, స్పీడు తగ్గుతోంది. ఒకే రేడియోతో రౌటర్‌తోనూ ఫోన్‌తోనూ మాట్లాడే ఎక్స్‌టెండర్‌లో సగానికి సగం పడిపోవడం మామూలే. కొనే ముందు దాన్ని రౌటర్‌కి కాస్త దగ్గరగా జరిపి చూడండి.

భాస్కర్ గారూ, రీసెట్‌తో కలుస్తుంది, కాదనను. కానీ కారణం అలాగే ఉంటే మళ్లీ కరెంటు పోయినప్పుడు కథ మొదటికే వస్తుంది. పైగా సెట్టింగులన్నీ పోతాయి. కాబట్టి రీసెట్ చివరికి ఉంచుదాం.

రవళి గారూ, ముందు ఒక్క పరీక్ష చేయండి. ఎక్స్‌టెండర్‌ని ప్లగ్గు నుంచి తీసేయండి. రౌటర్ పూర్తిగా లేచి, దాని పక్కనే నిలబడితే ఫోన్‌లో ఇంటర్నెట్ వచ్చేదాకా ఆగండి. ఆ తర్వాతే ఎక్స్‌టెండర్ పెట్టండి. కరెంటు రాగానే రెండూ ఒకేసారి లేస్తాయి, కానీ ఎక్స్‌టెండర్ చిన్న పరికరం, ముందే సిద్ధమైపోతుంది. రౌటర్‌కి ఇంకాస్త సమయం పడుతుంది. ఆ మధ్యలో వెతికి, దొరక్క, మళ్లీ వెతకడం మానేసే మోడళ్లు కొన్ని ఉన్నాయి. అలా ఆగి పెట్టినప్పుడు కలిస్తే మీ సమస్య వరుసక్రమమే. కలవకపోతే ఇంకో కారణం వెతకాలి.

రవళి
నిన్న రాత్రి కరెంటు పోయినప్పుడు అలాగే చేశాను. రౌటర్ లేచి ఫోన్‌లో వీడియో కూడా ఆడాక ఎక్స్‌టెండర్ పెట్టాను. అయినా ఎరుపే.

ప్రసాద్
అయితే రౌటర్ చానెల్ మారి ఉండొచ్చని నా అనుమానం. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ పెట్టుకుని, రౌటర్ 5 గిగాహెర్ట్జ్ పేరు పక్కన ఏ చానెల్ నంబరు ఉందో చూసి చెప్పండి. ఎక్స్‌టెండర్‌ని ఏ బ్యాండ్‌తో లింక్ చేశారో కూడా చెప్పండి.

రవళి
5 గిగాహెర్ట్జ్‌తో మాత్రమే లింక్ చేశాను, స్పీడు కోసం. చానెల్ 100 అని చూపిస్తోంది.

ప్రసాద్
దొరికింది. చాలా దేశాల్లో 52 నుంచి 144 వరకు ఉన్న చానెళ్లను వాతావరణ రాడార్ల వంటివి కూడా వాడతాయి. అందుకే రౌటర్ అక్కడికి వెళ్లే ముందు కనీసం 60 సెకన్లు రాడార్ లేదని విని తెలుసుకోవాలి. ఈ చానెళ్లను అసలు వాడని ఎక్స్‌టెండర్లు చాలానే ఉన్నాయి. మీ ఫోన్‌కి కనిపిస్తోంది కాబట్టి రౌటర్ బాగానే ఉంది. ఎక్స్‌టెండర్‌కి మాత్రం అది లేనట్టే లెక్క.

రౌటర్‌లో చానెల్ Auto మీద ఉందనుకుంటా. అలా ఉంటే లేచిన ప్రతిసారీ అది కొత్తగా ఎంచుకుంటుంది. 36, 40, 44, 48లో ఏదైనా పడ్డ రోజు ఎక్స్‌టెండర్ కలుస్తుంది, 100 పడ్డ రోజు కలవదు. మీరు చెప్పిన ‘ఒక్కోసారి’ అనే మాటకి కారణం ఇదే కావాలి.

రౌటర్ పేజీలోకి వెళ్లి 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ సెట్టింగుల్లో Channel దగ్గర Auto తీసేసి 36 పెట్టండి. సేవ్ చేయగానే వైఫై ఒక్కసారి తెగి వస్తుంది, కంగారు పడొద్దు. పేరు, పాస్‌వర్డ్ మాత్రం ముట్టుకోకండి. అవి మారకపోతే ఎక్స్‌టెండర్‌లో ఏమీ మార్చక్కర్లేదు.

భాస్కర్
2.4 గిగాహెర్ట్జ్‌తో లింక్ చేసేస్తే ఈ బాధే ఉండదు కదా?

ప్రసాద్
రాడార్ బాధ ఉండదు. కానీ అక్కడా రౌటర్ 12 లేదా 13కి వెళ్లొచ్చు, 11 వరకే తెలిసిన ఎక్స్‌టెండర్‌కి అది కనిపించదు. కాబట్టి అక్కడ కూడా 1, 6, 11లో ఒకటి పెట్టేయడం మంచిది. నా సలహా, రెండు బ్యాండ్లూ లింక్ చేయండి. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది.

రవళి
రౌటర్‌లో 36 పెట్టగానే ఎక్స్‌టెండర్ లైటు నీలంగా మారింది! ఇక 2.4 కూడా కలుపుదామంటే ఎక్స్‌టెండర్ పేజీ తెరుచుకోవడం లేదు. నిన్న లింక్ లేనప్పుడు కూడా తెరుచుకోలేదు.

ప్రసాద్
ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయండి. లేకపోతే ఇంటర్నెట్ లేని వైఫైని వదిలేసి ఫోన్ డేటా వైపు వెళ్లిపోతుంది. ఎక్స్‌టెండర్ అడ్రసు దాని వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. ఉదాహరణకి `192.168.0.254` అయితే, వెతికే పెట్టెలో కాకుండా అడ్రసు పట్టీలో ఇలా కొట్టండి:

```
http://192.168.0.254
```

లింక్ ఉన్నప్పుడు మాత్రం ఎక్స్‌టెండర్‌కి రౌటర్ కొత్త అడ్రసు ఇచ్చి ఉండొచ్చు. అప్పుడు రౌటర్ పేజీలో కనెక్ట్ అయిన పరికరాల జాబితాలో ఉన్న అడ్రసు వాడాలి.

లింక్ తెగినప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఫోన్‌లో ఆ వైఫై వివరాలు తెరిస్తే ఐపీ అడ్రసు 169.254తో మొదలైందా? అంటే ఫోన్‌కి ఎవరూ అడ్రసు ఇవ్వలేదన్నమాట. అప్పుడు ఐపీ సెట్టింగుని స్టాటిక్‌కి మార్చి, ఫోన్‌కి `192.168.0.10`, గేట్‌వేకి `192.168.0.254`, ప్రిఫిక్స్ లెంగ్త్ `24` ఇవ్వండి. పేజీ తెరుచుకుంటుంది. పని అయ్యాక మళ్లీ డీహెచ్‌సీపీకి మార్చడం మర్చిపోవద్దు, లేకపోతే రేపు ఇంటర్నెట్ రాక వేరే సమస్య అనుకుంటారు.

రవళి
జాబితాలో చూస్తే నిజంగానే వేరే అడ్రసు ఉంది, దానితో తెరుచుకుంది. 2.4 కూడా కలిపాను. తర్వాత కరెంటు పోయి వచ్చినప్పుడు ఎక్స్‌టెండర్ తనంతట తానే కలిసింది. కానీ కాసేపు 2.4 మీదే ఉండి తర్వాత 5కి వచ్చింది. అది మామూలేనా?

ప్రసాద్
మామూలే అనుకుంటా, ముందు దొరికిన దాన్ని పట్టుకుంటుంది. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెడితే అది అసలు ఆగదు, ఎక్స్‌టెండర్ లేచేసరికి సిద్ధంగా ఉంటుంది. కొనేటప్పుడు రౌటర్ అడాప్టర్ మీద ఉన్న వోల్టులు సరిపోవాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. ఫైబర్ పెట్టె వేరుగా ఉంటే దానికీ కరెంటు అందాలి.

మురళి
నా రౌటర్ కనెక్షన్ ఇచ్చినవాళ్లే పెట్టారు, అందులో Channel బూడిదరంగులో ఉంది, మార్చనివ్వదు. నాకేం దారి?

ప్రసాద్
వాళ్లనే అడిగి మార్పించుకోండి. కుదరకపోతే ఎక్స్‌టెండర్‌ని 2.4కి లింక్ చేసి చూడండి. అయితే 13 మీద పడితే ఏం చేయాలో నా దగ్గరా జవాబు లేదు. ఎవరైనా ఈ చిక్కు దాటి ఉంటే చెప్పండి.