"పది నిమిషాలకో బండి" అంటే బండి ఎప్పుడొస్తుంది?

తణుకు, ఇంజనీరింగ్ విద్యార్థిని: మండపేటలో ఒక రైస్ మిల్లు కాటా దగ్గర ధాన్యం ట్రాక్టర్ల క్యూని కంప్యూటర్‌లో నడిపి చూస్తున్నాను. "పది నిమిషాలకో బండి వస్తుందమ్మా, తూకానికి ఎనిమిది నిమిషాలు" అన్నారు అక్కడి గుమస్తా గారు. అలాగే రాస్తే ఒక్క బండీ ఆగట్లేదు. మిల్లు ముందేమో ఎప్పుడూ వరసే. ఆ మాటని ఎలా అర్థం చేసుకోవాలండీ?

భీమవరం, తెలుగు టీచరు: "రోజుకో మాట మారుస్తాడు" అంటే సరిగ్గా ఇరవై నాలుగు గంటలకోసారి మారుస్తాడని కాదు కదా. ఆ మాట లెక్కకి సగటు చెబుతుందే తప్ప బండికీ బండికీ మధ్య ఎడం చెప్పదు. "సగటున" అన్నది ఆయన మనసులో ఉండిపోయింది.

కాకినాడ: అయితే సులువే. 5కీ 15కీ మధ్య ఏదో ఒక అంకె తీసుకోండి, సగటు పదే వస్తుంది.

అమలాపురం, లెక్కల మాస్టారు: సగటు కుదురుతుంది కానీ, అందులో రెండు బండ్లు ఒకదాని వెనకే ఒకటి రావడానికి వీల్లేదు, అరగంట ఖాళీగా ఉండడానికీ వీల్లేదు. వరస పెరిగేదే అక్కడ. ఎవరి పొలం నుంచి వాళ్లు, ఒకరితో ఒకరికి పని లేకుండా వస్తుంటే, t నిమిషాలు గడిచినా తర్వాతి బండి రాకపోయే అవకాశం e^(-t/10). సున్నాకీ ఒకటికీ మధ్య U అనే అంకె తీసి, ఆ అవకాశాన్ని 1-U కి సమానం చేసి t తేల్చమ్మా.

```
t = -10 * math.log(1 - random.random())
```

U 0.1 వస్తే ఎడం నిమిషం పైచిలుకు. 0.5 వస్తే దాదాపు 7 నిమిషాలు, 0.9 వస్తే 23. అంటే సగం ఎడాలు ఏడు నిమిషాల లోపే, తూకం పూర్తయ్యేలోపే ఇంకో బండి వచ్చేస్తోంది. తూకం ప్రతి బండికీ సరిగ్గా 8 నిమిషాలే పట్టినా, ఎక్కువసేపు నడిపితే ఒక్కో బండి సగటున 16 నిమిషాలు ఆగాలి. నీ ప్రోగ్రాంలో ఆ అంకె దగ్గరకి రాకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే.

కాకినాడ: లాగరిథం ఎందుకండీ, `random.expovariate(10)` అంటే సరిపోదూ?

అమలాపురం, లెక్కల మాస్టారు: అది అడిగేది సగటు కాదు, నిమిషానికి ఎన్ని బండ్లని. 10 ఇస్తే సగటున ఆరు సెకన్లకో బండి వచ్చి పడుతుంది. 1/10 ఇవ్వాలి. ఇంకోటి, లోపల `1 -` తీసేయకండి. `random.random()` సున్నా ఇవ్వొచ్చు, సున్నాకి లాగరిథం లేదు. ఒకటి మాత్రం ఎప్పుడూ ఇవ్వదు.

మండపేట, మిల్లు గుమస్తా: మా దగ్గర పొద్దున్నే ఎవరూ రారండి. సాయంత్రం ఒకే ఊరి ట్రాక్టర్లు నాలుగు కలిసి దిగుతాయి. దానికేం లెక్క?

అమలాపురం, లెక్కల మాస్టారు: దానికి ఈ ఒక్క సూత్రం చాలదండీ. పూటని బట్టి సగటు మార్చాలి. కలిసొచ్చే బండ్లని గుంపుగా తీసుకుని, గుంపుల మధ్య ఎడం ఈ సూత్రంతో తియ్యొచ్చేమో, మీ టైములు చూడాలి.

తణుకు, ఇంజనీరింగ్ విద్యార్థిని: కాటా చీటీల మీద టైము ఉంటుంది కదండీ, అవి ఇస్తారా?

మండపేట, మిల్లు గుమస్తా: ఇస్తానమ్మా. కానీ అది తూకం వేసిన టైము, బండి వచ్చిన టైము కాదు. గేటు దగ్గర పుస్తకం ఉంది గానీ, కోతల రోజుల్లో దాన్లో రాసే తీరిక ఎవరికీ ఉండదు.